బ్లూ టిక్కు పడింది కదా మేడమ్!

పొద్దున్న ఏడూ ఇరవైకి నేను బండి మీద ఉంటాను. ఫోను హ్యాండ్‌బ్యాగులో, బ్యాగు స్కూటీ డిక్కీలో, నేను బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం ఎదురుచూస్తూ. సరిగ్గా ఆ టైముకే మా వార్డులో డ్యూటీ ఉన్న అమ్మాయి ఎవరో ఒకరు ఇంట్లో కూర్చుని, పది నిమిషాలు ఆలోచించి, రెండుసార్లు టైప్ చేసి చెరిపేసి, చివరికి ఇవాళ రాలేనని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పంపిస్తుంది. పంపించాక ఆ పిల్లకి గుండె మీంచి బరువు దిగిపోతుంది. ఆ బరువు ఎక్కడికి పోయిందో తెలుసా? నా డిక్కీలోకి. నేను ఇంకో అరగంట దాన్ని మోసుకుంటూనే తిరుగుతాను, నా దగ్గర ఉందని నాకే తెలియకుండా.

విజయవాడలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో వార్డు ఇన్‌చార్జ్‌ని. అంతకుముందు ఏడేళ్ళు స్టాఫ్ నర్సుగా చేశాను, అంటే ఇలాంటి మెసేజ్‌లు పంపినదాన్నే, ఇప్పుడు అందుకుంటున్నదాన్ని. ఆఖరి నిమిషంలో డ్యూటీకి రాలేకపోతే ఫోన్ చేయాలా, మెసేజ్ పెట్టాలా, మెయిల్ రాయాలా అని ఈమధ్య కొత్తగా చేరిన పిల్లలు నన్ను అడిగారు. చాలామంది దీన్ని మర్యాదకి సంబంధించిన విషయం అనుకుంటారు. పెద్దవాళ్ళకి ఫోన్ చేయడం మర్యాద అని కొందరు, పొద్దున్నే ఫోన్ చేసి నిద్ర లేపడం అమర్యాద అని కొందరు. నా లెక్కలో మర్యాద తర్వాతి సంగతి. నువ్వు రాకపోతే ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయాలి కదా, అది చేయడానికి వాళ్ళకి ఎంత టైము మిగిలింది అన్నదే అసలు ప్రశ్న. మిగతాదంతా దాన్నిబట్టే.

మా వార్డు లెక్క చెప్తాను, అప్పుడు అర్థమవుతుంది. 24 బెడ్లు. మార్నింగ్ డ్యూటీ 8 నుంచి 2, నలుగురు. ఆఫ్టర్నూన్ 2 నుంచి 8, ముగ్గురు. నైట్ రాత్రి 8 నుంచి పొద్దున్న 8 దాకా, ఇద్దరు. వార్డు నిండితే మార్నింగ్‌లో తలా ఆరుగురు పేషెంట్లు. ఒకరు రాకపోతే తలా ఎనిమిది. ఆరుకీ ఎనిమిదికీ పెద్ద తేడా లేదనిపిస్తుంది కాగితం మీద. కానీ 8 గంటలకి టిఫిన్ ట్రేలు వస్తాయి, పేషెంట్లు తినేలోపు షుగర్ చూసి ఇన్సులిన్ వేయాలి, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు అదే టైముకి, ఒకరిద్దరిని స్కానింగ్‌కి పంపాలి, 9 దాటితే డాక్టర్ల రౌండ్స్ మొదలు. అన్నీ ఆ గంటన్నరలోనే పడతాయి. పైగా నైట్ డ్యూటీ చేసినవాళ్ళు బెడ్డు బెడ్డుకీ తిరిగి మార్నింగ్ వాళ్ళకి హ్యాండోవర్ ఇవ్వాలి, అంటే తీసుకునే మనిషి ఉంటేనే ఇచ్చే మనిషి ఇంటికి వెళ్తుంది. ఆఫీసులో ఎవరైనా రాకపోతే వాళ్ళ కుర్చీ ఖాళీగా ఉంటుంది. ఇక్కడ కుర్చీ ఖాళీ కాదు, అప్పటికే పన్నెండు గంటలు కూర్చున్న ఇంకో మనిషి అందులోంచి లేవలేకపోతుంది.

పోయిన వర్షాకాలంలో ఒకే రోజు ఇద్దరు రాలేదు. ఇద్దరికీ నిజంగానే బాగోలేదు, దొంగ లీవులు కావు, ఇది ముందే చెప్తున్నాను.

మొదటి అమ్మాయి పొద్దున్న ఐదూ ముప్పై ఐదుకి ఫోన్ చేసింది. నేను ఎత్తలేదు, నిద్రలో ఉన్నాను. వెంటనే మళ్ళీ చేసింది. రెండోసారి ఎత్తాను. మాట్లాడింది నలభై సెకన్లు ఉంటుందేమో.

"మేడమ్, సెకండ్ ఫ్లోర్ మార్నింగ్ డ్యూటీ నాది. ఇవాళ రాలేను. రాత్రి రెండింటి నుంచి వాంతులు, విరేచనాలు."

"సరేనమ్మా. రేపు?"

"రేపటిది సాయంత్రం ఆరింటికల్లా చెప్తాను మేడమ్. నిన్న నేను చూసిన ఎనిమిదో బెడ్ ఆయనకి ఇవాళ పొద్దున్న బ్లడ్ ఎక్కించాలి, మీకు గుర్తు చేద్దామని."

అంతే. నాకు నిద్ర పోయింది, నిజమే. కానీ రెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు దొరికాయి. లేచి ఫోన్లో ఉన్న డ్యూటీ చార్ట్ ఫోటో చూశాను. నిన్న నైట్ ఆఫ్‌లో ఉన్నవాళ్ళని కదపకూడదు. మధ్యాహ్నం డ్యూటీ ఉన్న ముగ్గురిలో ఒకమ్మాయి హాస్పిటల్ హాస్టల్లోనే ఉంటుంది. ఆరింటికి ఆ పిల్లకి ఫోన్ చేసి, మార్నింగ్‌కి వచ్చేసి మధ్యాహ్నం వెళ్ళిపోతావా అని అడిగాను. స్నానం చేసి, మెస్‌లో ఉప్మా తిని, ఏడూ యాభైకి వార్డులో ఉంది. మధ్యాహ్నం ఖాళీ అయిన చోటుకి ఇంకొకరిని వెతకడానికి నాకు ఎనిమిది గంటలుంది, తొందరేం లేదు.

(ఇక్కడ ఒక మాట. ఇలాంటప్పుడు ప్రతిసారీ బలయ్యేది హాస్టల్ పిల్లలే. దగ్గర్లో ఉంటారు, తలుపు కొడితే లేస్తారు, ఇంట్లో పిల్లలున్నారని చెప్పుకోలేరు. నేను కూడా వాళ్ళకే ముందు ఫోన్ చేస్తాను. అది న్యాయం కాదని తెలిసీ చేస్తాను.)

రెండో అమ్మాయి ఏడూ ఇరవై రెండుకి మెసేజ్ పెట్టింది. డిక్కీలో ఉన్న ఫోనుకి. హాస్పిటల్ దగ్గర బండి పార్క్ చేసి, కార్డు పంచ్ చేసి, ఏప్రాన్ వేసుకుని, ఫోను తీసేసరికి ఏడూ యాభై అయిదు. అప్పుడు చూశాను. అప్పుడు పడింది బ్లూ టిక్కు. ఐదు నిమిషాల్లో ఎవరిని తీసుకురాను? నైట్ డ్యూటీ అమ్మాయిని అడిగాను, కాసేపు ఉండమ్మా అని. ఆ అమ్మాయిది కంకిపాడు అవతల, ఇంట్లో రెండేళ్ళ పాప అత్తగారి దగ్గర, ఎనిమిదిన్నర బస్సు పోతే ఎండలో పడి వెళ్ళాలి. ఏమీ అనలేదు. ఫోన్ చేసి ఇంట్లో చెప్పుకుని, మళ్ళీ గ్లవ్స్ వేసుకుంది. పదకొండుకి వదిలాను. 8 గంటల యాంటీబయాటిక్ ఒకాయనకి తొమ్మిదీ పదికి పడింది. ఏమీ కాలేదు, కానీ ఆలస్యానికి కారణం కేస్ షీట్‌లో నేను రాసి సంతకం పెట్టాల్సి వచ్చింది.

మర్నాడు ఆ మెసేజ్ పెట్టిన అమ్మాయిని అడిగితే ఏమందంటే, "మెసేజ్ పెట్టాను కదా మేడమ్, బ్లూ టిక్కు కూడా పడింది కదా!"

ఆ మాటలో తప్పేమీ లేదు, అదే నా బాధ. ఆ పిల్ల దృష్టిలో చెప్పడం అయిపోయింది. ఒక బూడిద రంగు టిక్కు అంటే మెసేజ్ తన ఫోన్లోంచి బయల్దేరింది. రెండు పడితే నా ఫోన్లోకి చేరింది, డిక్కీలో ఉన్నా చేరుతుంది. నీలం అయితే నేను తెరిచాను. ఏ టైముకి తెరిచానో చూడాలంటే మెసేజ్ మీద నొక్కి పట్టుకుని ఇన్ఫో చూడాలి, అందులో డెలివర్ అయిన టైమూ, చదివిన టైమూ విడివిడిగా ఉంటాయి. ఎవరూ చూడరు. మధ్యాహ్నం లేచి చూసుకుంటే నీలంగా ఉంది, హమ్మయ్య అనుకుంది. పైగా రీడ్ రిసీట్స్ ఆపేసుకున్నవాళ్ళకి పెడితే చదివినా నీలం పడదు. అంటే నీలం కనపడితే ఆలస్యంగా చదివారేమో తెలీదు, కనపడకపోతే అసలు చదవలేదేమో తెలీదు. మనం చెప్పడం వేరు, అవతలివాళ్ళకి తెలియడం వేరు. ఫోన్లో ఈ రెండూ ఒకేసారి జరుగుతాయి, అవతలినుంచి "సరేనమ్మా" వినపడుతుంది కాబట్టి. మెసేజ్‌లో ఈ రెంటికీ మధ్య ముప్పై మూడు నిమిషాలు పట్టింది ఆ రోజు.

గ్రూపులో పెట్టడం ఇంకా అన్యాయం. మా వార్డు గ్రూపులో నలభై మందికి పైగా ఉన్నారు, డైటీషియన్‌తో సహా. అందులో "ఇవాళ రాలేను" అని పెడితే అందరూ చూస్తారు, ఇన్‌చార్జ్ చూసుకుంటుందిలే అని అందరూ అనుకుంటారు. గ్రూపులో రెండో టిక్కు పడాలంటే ఆ నలభై మందికీ చేరాలి, నీలం కావాలంటే అందరూ చదవాలి. ఎవరిదో ఒకరి ఫోను ఛార్జింగ్ అయిపోయి ఉంటే చాలు, సాయంత్రం దాకా ఒక్క టిక్కుతోనే ఉంటుంది. ఇంకోటి, ఒంట్లో ఏం బాగోలేదో నలభై మందికి చెప్పుకోవాల్సిన అవసరం ఏముంది? ఒకమ్మాయి అలా గ్రూపులో రాసిన కారణం గురించి క్యాంటీన్లో రెండు రోజులు మాట్లాడుకున్నారు. ఆ పిల్ల మొహం ఇప్పటికీ గుర్తుంది నాకు.

సరే, మరి ఫోను ఎత్తకపోతే? ఇది మంచి ప్రశ్న. చాలామంది ఒకసారి రింగ్ ఇచ్చి, ఎత్తలేదు కాబట్టి మెసేజ్ పెట్టాను అంటారు. వెంటనే రెండోసారి చేయండి. దీనికి ఒక కారణం ఉంది. రాత్రిళ్ళు చాలామంది ఫోను డు నాట్ డిస్టర్బ్‌లో పెట్టుకుంటారు. ఆండ్రాయిడ్‌లో అదే నంబరు నుంచి 15 నిమిషాల్లోపు రెండోసారి వస్తే మోగేలా ఒక సెట్టింగ్ ఉంటుంది, ఐఫోన్‌లో మూడు నిమిషాల్లోపు. అది ఆన్‌లో ఉంటే మొదటి కాల్ మోగదు, రెండోది మోగుతుంది. నాది అలాగే పెట్టుకున్నాను, మా వాళ్ళందరికీ చెప్పాను కూడా. మొదటి కాల్‌కి పదిహేను నిమిషాలు మర్యాదగా ఆగి మళ్ళీ చేసేవాళ్ళుంటారు, ఆ మర్యాద వల్లే మోగదు.

రెండుసార్లూ ఎత్తకపోతే, ఏడు దాటితే నేను బండి మీద ఉన్నట్టే, అప్పుడు వార్డు ల్యాండ్‌లైన్‌కి చేయండి. ఇది మాత్రం ఎవరికీ తట్టదు ఎందుకో. ఆ ఫోను ఎత్తేది ఎవరు? నైట్ డ్యూటీ సిస్టర్. అంటే నువ్వు రాకపోతే ఆగిపోవాల్సిన మనిషి. నాకన్నా ముందు తెలియాల్సింది ఆమెకే. ఏడూ పదికి తెలిస్తే ఇంటికి ఒక ఫోన్ చేసుకుంటుంది, క్యాంటీన్ నుంచి టీ తెప్పించుకుంటుంది, మనసు కాస్త సిద్ధం చేసుకుంటుంది. ఎనిమిదింటికి, బ్యాగు భుజానికి తగిలించుకుని వాచీ చూసుకుంటున్నప్పుడు తెలిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఏడేళ్ళు నైట్లు చేశాను.

అలాగని మెసేజ్ పనికిరాదని కాదు. ముందురోజు రాత్రి పెట్టే మెసేజ్ అంత మంచిది ఇంకోటి లేదు. "మేడమ్, ఒళ్ళు వెచ్చబడింది. రేపు మార్నింగ్‌కి రాగలనో లేదో పొద్దున్న ఐదున్నరకి ఫోన్ చేసి చెప్తాను." రాత్రి తొమ్మిదికి ఇది వస్తే నేను ఏమీ చేయనక్కర్లేదు, ఇంకొకరిని కూడా లేపనక్కర్లేదు, కాకపోతే పడుకునే ముందు చార్ట్ ఒకసారి చూసుకుంటాను, ఎవరైతే బావుంటుందా అని. చాలామంది ఇది పంపరు. తగ్గుతుందేమో చూద్దాం, రేపు వెళ్ళగలిగితే ఊరికే చెప్పినట్టవుతుంది కదా అని. చెప్పి వస్తే ఎవరికీ నష్టం లేదు, తల్లీ. చెప్పకుండా రాకపోతేనే.

ఫోన్ చేశాక ఒక మెసేజ్ పెట్టడం కూడా మంచిదే, తేదీ, షిఫ్టు రాసి. నిద్రమత్తులో నేను రేపటికి అనుకున్నానేమో ఎవరికి తెలుసు. ఆ మెసేజ్ ఎలా రాయాలన్నదానికి మన భాషతోనే ఒక చిక్కు ఉంది. తెలుగులో క్రియ చివర్న వస్తుంది. "గుడ్ మార్నింగ్ మేడమ్, సారీ మేడమ్, నిన్న సాయంత్రం మా బంధువుల ఇంట్లో ఫంక్షన్‌కి వెళ్ళొచ్చిన దగ్గర్నుంచి కడుపులో తిప్పుతూ ఉండి, రాత్రంతా నిద్ర లేక, టాబ్లెట్ వేసుకున్నా తగ్గక..." ఇంతవరకూ చదివినా వస్తుందో రాదో నాకు తెలీదు. లాక్ స్క్రీన్ మీద రెండు లైన్లే కనపడతాయి, ఆ రెండు లైన్లలో ఫంక్షన్ ఉంది, "రాలేను" లేదు. ఆ ఒక్క మాటా ఎక్కడో కింద, తెరిస్తే తప్ప కనపడని చోట ఉంటుంది. అందుకని మొదటి వాక్యం పొట్టిగా ఉండాలి: "ఇవాళ 14వ తేదీ మార్నింగ్ డ్యూటీకి రాలేను మేడమ్." కారణం రెండో వాక్యంలో. క్షమాపణ మూడోదాంట్లో, ఒక్కసారి. మనకి అలవాటు లేదు ఇలా రాయడం, మొరటుగా అనిపిస్తుంది, ఉపోద్ఘాతం లేకుండా విషయం చెప్పడం పెద్దవాళ్ళ ముందు కాలు మీద కాలు వేసుకోవడం లాంటిదని మన లోపల ఎక్కడో ఉంది. "గుడ్ మార్నింగ్ మేడమ్" అని ఒక్కటే పెట్టి, నేను తిరిగి గుడ్ మార్నింగ్ అనేదాకా ఆగేవాళ్ళు కూడా ఉన్నారు. డ్యూటీకి అరగంట ముందు! నేను గుడ్ మార్నింగ్ ఫార్వర్డ్ అనుకుని వదిలేస్తాను.

ఏ మాట వాడతారన్నదీ ముఖ్యమే. "రావట్లేదు" అంటే నిర్ణయం చెప్పినట్టు ఉంటుంది. ఫోన్లో నీరసంగా అంటే పర్లేదు, గొంతే చెప్పేస్తుంది, కానీ అదే మాట స్క్రీన్ మీద చదివితే ఎవరో మొహం మీద తలుపేసినట్టుంటుంది. "రాలేను" అన్నది నాకు నచ్చే మాట, పొట్టిది, స్పష్టమైనది, చేతకావట్లేదన్న అర్థం అందులోనే ఉంది. "రాలేకపోతున్నాను" ఇంకాస్త మెత్తన, మెసేజ్‌కి బావుంటుంది. ఇక "చూస్తాను మేడమ్, వీలైతే వస్తాను" అన్నది అన్నిటికన్నా మెత్తన, అన్నిటికన్నా చెడ్డది. దాంతో నేను ఏం చేసుకోను? ఇంకొకరిని పిలిస్తే నువ్వు వస్తావు, పిలవకపోతే రావు. ఫోన్లో అయితే "ఏదో ఒకటి చెప్పమ్మా" అని అక్కడే తేల్చుకుంటాను, మెసేజ్‌లో అది అలా గాల్లో వేలాడుతుంది.

"లీవ్ ఇస్తారా మేడమ్?" అన్నది ఇంకో రకం. ఇది మనకి బడిలో అబ్బింది. సెలవు చీటీ రాయడం నేర్పినప్పుడే "సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థిస్తున్నాను" అని నేర్పారు, ఇంగ్లీషులో అయితే "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్". పదిహేను రోజుల ముందు అడిగే లీవ్‌కి అది సరైన మాటే, నేను ఇవ్వనూ వచ్చు, ఇవ్వకపోనూ వచ్చు. కానీ వాంతులవుతున్న మనిషి డ్యూటీకి గంట ముందు నన్ను అడిగితే నేనేం అనాలి? ఇవ్వను, రా అనాలా? అప్పుడు కావలసింది అనుమతి కాదు, సమాచారం. అడిగినట్టు చెప్తే నేను కూడా ఆలోచించి ఇచ్చేదాన్నిలాగా ప్రవర్తించడం మొదలెడతాను, ఏం తిన్నావు, ఎందుకు తిన్నావు, నిన్న బానే ఉన్నావు కదా అని. సంభాషణ అటు జారిపోతుంది.

కారణం ఎంత చెప్పాలి అంటే, హాస్పిటల్లో ఒక తేడా ఉంది. విరేచనాలు, కళ్ళకలక, ఒంటి మీద దద్దుర్లతో జ్వరం, ఇవి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి, ఎందుకంటే అవి నీ ఒక్కదాని విషయం కాదు. వాంతులు, విరేచనాలు తగ్గాక కూడా 48 గంటలు పేషెంట్ల దగ్గరికి రాకూడదంటాం, కాబట్టి అది తెలిస్తే నేను రేపూ ఎల్లుండీ చార్ట్ కూడా ఇప్పుడే మార్చుకుంటాను. మొదటి అమ్మాయి నలభై సెకన్లలో ఆ మాట చెప్పబట్టే నా పని తేలికైంది. మిగతావన్నీ, నెలసరి నొప్పి, ఇంట్లో గొడవ, రాత్రంతా ఏడ్చి కళ్ళు వాచిపోవడం, వీటికి "ఒంట్లో బాగోలేదు మేడమ్" చాలు. నేను గుచ్చి అడగను.

అడగను అని ఇప్పుడంటున్నాను. ఒకప్పుడు అడిగేదాన్ని. ఇన్‌చార్జ్ అయిన కొత్తలో, ఒకసారి పొద్దున్న ఆరింటికి ఒకమ్మాయి ఫోన్ చేసి జ్వరం అంటే, ఎంత ఉంది, థర్మామీటర్ పెట్టావా, ఫోటో పంపు, మీరంతా ఇంతే, పండగ మర్నాడే వస్తాయి మీ జ్వరాలు అని కడిగేశాను. ఆ అమ్మాయి ఫోన్లోనే ఏడ్చింది. ఆ తర్వాత మూడు నెలలు నాకు పొద్దున్నపూట ఒక్క ఫోన్ రాలేదు. అందరూ మెసేజ్‌లే, అదీ ఏడున్నరకి, నేను ఇక ఏమీ అనలేని టైముకి. ఈ పిల్లలకి బాధ్యత లేదు, ఫోన్ చేయడానికి కూడా బద్ధకం అని నేను అందరి దగ్గరా చెప్పుకుని తిరిగాను. బద్ధకం కాదు, భయం. నా గొంతు వినక్కర్లేకుండా నాకు చెప్పే దారి వాళ్ళు వెతుక్కున్నారు. నాకు మెసేజ్ పెట్టడం వాళ్ళకి నేర్పింది నేనే. అది నా సీనియర్ ఒకావిడ చెప్తే గానీ నాకు తట్టలేదు, ఆవిడ చెప్పినప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. పొద్దున్న ఫోన్ వస్తే రెండే ప్రశ్నలు: రేపు వస్తావా, నీ పేషెంట్ల గురించి నాకు తెలియాల్సింది ఏమైనా ఉందా. అంతే, "సరేనమ్మా, రెస్ట్ తీసుకో". అనుమానం ఉంటే, ఉంటుంది కొందరి మీద, అది తర్వాత ఎదురుగా కూర్చుని మాట్లాడాల్సిన విషయం. జ్వరం నటించడానికి గొంతు మార్చి మూలిగేవాళ్ళు లేకపోలేదు, తెలిసిపోతుంది కూడా, నిజంగా జ్వరం ఉన్నవాళ్ళు మామూలు గొంతుతో మాట్లాడటానికే ప్రయత్నిస్తారు. అయినా ఆ టైములో నేను పట్టుకోను. దొంగ లీవ్ అయినా ఐదున్నరకి చెప్తే నాకు మనిషి దొరుకుతుంది, నిజం జ్వరం అయినా ఏడున్నరకి చెప్తే దొరకదు.

వాయిస్ మెసేజ్ గురించి కూడా అడిగారు. గొంతు ఉంటుంది కదా, ఫోన్‌లాంటిదే కదా అని. కాదు. లాక్ స్క్రీన్ మీద అందులో ఏముందో కనపడదు, వార్డులో పేషెంట్ల మధ్య స్పీకర్లో పెట్టి వినలేను, నిమిషం ఇరవై సెకన్లలో "రాలేను" ఎక్కడుందో వెతుక్కోవాలి. ఫోనులో ఉన్న లోపమూ ఉంది, మెసేజ్‌లో ఉన్న లోపమూ ఉంది.

మెయిల్ సంగతి తక్కువే. ఆఖరి నిమిషంలో మెయిల్ ఎవరికీ ఏమీ తెలియజేయదు, హెచ్ఆర్ వాళ్ళు తొమ్మిదిన్నరకి వచ్చి పదింటికి చూస్తారు. కానీ దాని పని తెలియజేయడం కాదు, నిలిచి ఉండడం. ఫోన్ కాల్‌కి సాక్ష్యం లేదు, మెసేజ్ నా ఫోన్లో ఉంటుంది, నేను ఫోను మార్చినా, ఉద్యోగం మారినా పోవచ్చు. జీతం కోసినప్పుడు, లీవ్ లెక్క తేడా వచ్చినప్పుడు పనికొచ్చేది మెయిలే. మా దగ్గర చాలామంది జీతం 21,000 లోపే, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా ఈఎస్ఐ కిందికి వస్తారు. రెండు రోజులకి మించి జబ్బు పడితే ఈఎస్ఐ డాక్టర్ సర్టిఫికెట్ మీద జీతంలో 70 శాతం వస్తుంది, సాధారణంగా మొదటి రెండు రోజులకి రాదు. అక్కడ తేదీలు కుదరాలి. సర్టిఫికెట్‌లో ఒక తేదీ, హాస్పిటల్ రికార్డులో ఇంకో తేదీ ఉంటే తిరగాల్సింది మీరే. కాబట్టి కాస్త కుదుటపడ్డాక ఆ రోజే నాలుగు లైన్లు రాసి పెట్టండి: పేరు, ఐడీ నంబరు, ఏ తేదీ ఏ షిఫ్టుకి రాలేదు, ఎవరికి ఎన్నింటికి ఫోన్ చేసి చెప్పాను, మళ్ళీ ఎప్పుడు వస్తాను. ఇందులో సారీలు అక్కర్లేదు. ఫోన్లో సారీ చెప్తే వినేది నేను, నాకు అర్థమవుతుంది. మెయిల్ చదివేది మూడు నెలల తర్వాత మీ మొహం తెలియని అకౌంట్స్ మనిషి, అతనికి మీ సారీతో పనిలేదు, "చాలా ఇబ్బంది కలిగించాను, ఇకపై ఇలా జరగదు" లాంటివి రాస్తే తప్పు ఒప్పుకున్నట్టు ఫైల్లో ఉండిపోతుంది. జ్వరం రావడం తప్పేమిటి?

ఇంత చెప్పేదాన్ని, పోయిన డిసెంబరులో ఏం చేశానో కూడా చెప్పాలి కదా. మా నాన్నగారు తెల్లవారుజామున బాత్రూంలో జారిపడ్డారు, తుంటి దగ్గర నొప్పి, లేవలేకపోతున్నారు. అంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ ఆరింటికి ఫోను చేతిలోకి తీసుకుని, మా నర్సింగ్ సూపరింటెండెంట్ గారికి మెసేజ్ టైప్ చేయడం మొదలెట్టాను. "గుడ్ మార్నింగ్ మేడమ్, సారీ టు డిస్టర్బ్ యు..." మూడు లైన్లయ్యాక చూసుకుంటే నాన్న పడిన సంగతి ఉంది, అంబులెన్స్ ఉంది, నేను రానన్న మాట ఇంకా రాలేదు. చెరిపేశాను. ఆవిడకి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్.

వార్డు ల్యాండ్‌లైన్‌కి చేశాను. ఎత్తింది ఎవరనుకున్నారు, ఆ కంకిపాడు అమ్మాయే, మళ్ళీ నైట్.

"సెకండ్ ఫ్లోర్."

"నేనమ్మా. ఇవాళ రాలేను. నాన్న పడిపోయారు, హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాను."

ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెండు ప్రశ్నలు అడిగింది, నేను వాళ్ళని అడిగేవే. రేపు వస్తారా మేడమ్, ఇవాళ రౌండ్స్‌లో నేను చెప్పాల్సింది ఏమైనా ఉందా. చెప్పాను. సూపరింటెండెంట్ గారి ఇంటి నంబరు తన దగ్గర ఉందట, తనే చెప్తానంది.

"రెస్ట్ తీసుకోండి మేడమ్" అని కూడా అంది, అలవాటులో. అని, నవ్వాపుకుంటూ, "అంటే, సార్‌ని చూసుకోండి" అంది. ఫోను పెట్టేసే ముందు మాత్రం అడిగేసింది.

"మరి నేను తొమ్మిదింటికైనా వెళ్ళొచ్చా మేడమ్?"